అప్‌గ్రేడ్‌ల చాటున రద్దులు: ఆదాయ రిటెన్షన్‌ను లోగో రిటెన్షన్ పక్కన పెట్టి చదివితే ఏం తెలుస్తుంది?

సంక్షిప్తంగా: సబ్‌స్క్రిప్షన్ వ్యాపారంలో ఒక బ్యాచ్ కస్టమర్ల నుంచి వచ్చే ఆదాయం పెరుగుతూ ఉండగానే ఆ బ్యాచ్‌లో మనుషులు వేగంగా తగ్గిపోవచ్చు. మిగిలినవాళ్లు పెద్ద ప్లాన్‌లకు మారితే వెళ్లిపోయినవాళ్ల లోటు పూడిపోతుంది, రిపోర్టులో నష్టం కనిపించదు. ఆదాయం ఎంత నిలిచిందో చెప్పే ఆదాయ రిటెన్షన్, కస్టమర్లు ఎంతమంది మిగిలారో చెప్పే లోగో రిటెన్షన్ రెండింటినీ ఒకే బ్యాచ్‌కు, ఒకే వయసు దగ్గర పక్కపక్కన చూస్తేనే ఈ తేడా బయటపడుతుంది. రెండు గీతలూ ఒకదానికొకటి దూరం జరుగుతుంటే, అప్‌గ్రేడ్‌లు ఎంతకాలం ఆదుకోగలవన్నది అడగాల్సిన ప్రశ్న.

## రెండు లెక్కలు, రెండు ప్రశ్నలు

ఒకే నెలలో చేరిన కస్టమర్లందరినీ ఒక గుంపుగా తీసుకుంటే దాన్ని కోహోర్ట్ అంటారు. జనవరిలో చేరినవాళ్లు ఒక కోహోర్ట్, ఏప్రిల్‌లో చేరినవాళ్లు మరొకటి. తర్వాత ఎవరు చేరినా పాత కోహోర్ట్‌లో కలపరు. అందువల్ల కొత్త అమ్మకాల జోరు పాత కస్టమర్ల పరిస్థితిని కప్పేయలేదు.

ఈ కోహోర్ట్ మీద సాధారణంగా వేసే మొదటి లెక్క నెట్ రెవెన్యూ రిటెన్షన్, క్లుప్తంగా ఎన్‌ఆర్‌ఆర్. మొదటి నెలలో ఈ గుంపు చెల్లించిన మొత్తంతో పోలిస్తే ఇవాళ అదే గుంపు ఎంత చెల్లిస్తోందన్నది ఇందులో తెలుస్తుంది. అప్‌గ్రేడ్‌లు కలుస్తాయి, డౌన్‌గ్రేడ్‌లు, రద్దులు పోతాయి. ఇది 100 శాతం దాటవచ్చు. దాటితే, కొత్తగా ఒక్క కస్టమర్ రాకపోయినా ఈ గుంపు ఆదాయం పెరుగుతోందని అర్థం. ఇన్వెస్టర్లు, మేనేజర్లు ఈ అంకెను అంతగా ఇష్టపడటానికి కారణం అదే.

రెండోది లోగో రిటెన్షన్. ఇందులో డబ్బు ఊసే ఉండదు. చిన్న కస్టమర్‌నూ పెద్ద కస్టమర్‌నూ తలా ఒకటిగానే లెక్కపెడతారు. 100 మంది చేరితే ఇప్పుడు ఎంతమంది డబ్బు కడుతున్నారన్నదే ప్రశ్న. ఇది 100 శాతం దాటడం అసాధ్యం.

మొదటి లెక్కలో నష్టాన్ని లాభంతో పూడ్చుకునే వీలుంది, రెండోదానిలో లేదు. మిగతా వ్యవహారమంతా ఈ ఒక్క తేడా నుంచే పుడుతుంది.

## మూడు కోహోర్ట్‌ల ఉదాహరణ

అర్థం కావడానికి అంకెలు కల్పించి ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు రెండే ప్లాన్‌లు ఉన్నాయి. చిన్న ప్లాన్‌కు నెలకు 100, పెద్ద ప్లాన్‌కు నెలకు 300. కరెన్సీ ఏదైనా లెక్క మారదు. జనవరి, ఏప్రిల్, జులై నెలల్లో 100 మంది చొప్పున చేరారు, అందరూ చిన్న ప్లాన్‌తోనే మొదలుపెట్టారు. అంటే ప్రతి కోహోర్ట్ తొలి నెల ఆదాయం 10,000. ఒక్కో కోహోర్ట్‌కు ఆరు నెలలు నిండినప్పటి పరిస్థితి ఇది:

| కోహోర్ట్ | రద్దు చేసినవాళ్లు | చిన్న ప్లాన్‌లో | పెద్ద ప్లాన్‌లో | నెలవారీ ఆదాయం | ఎన్‌ఆర్‌ఆర్ | లోగో రిటెన్షన్ |
|---|---|---|---|---|---|---|
| జనవరి | 12 | 80 | 8 | 10,400 | 104% | 88% |
| ఏప్రిల్ | 19 | 69 | 12 | 10,500 | 105% | 81% |
| జులై | 27 | 56 | 17 | 10,700 | 107% | 73% |

ఎన్‌ఆర్‌ఆర్ కాలమ్ ఒక్కటే స్లైడ్ మీద పెడితే అందరికీ సంతోషమే. 104 నుంచి 105, అక్కణ్నుంచి 107. ప్రతి బ్యాచ్ ముందుదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. పక్క కాలమ్ చూస్తే మాత్రం ఆరు నెలల్లో వెళ్లిపోయేవాళ్లు 12 మంది నుంచి 27 మందికి, అంటే రెట్టింపు కంటే ఎక్కువకు చేరారు.

ఇక్కడ ఎవరూ అంకెలు దాచలేదు, లెక్కలో పొరపాటూ లేదు. ఒక కస్టమర్ పెద్ద ప్లాన్‌కు మారితే నెలకు 200 అదనంగా వస్తుంది. చిన్న ప్లాన్ కస్టమర్ వెళ్లిపోతే 100 పోతుంది. అంటే ఒక్క అప్‌గ్రేడ్ రెండు రద్దులను తుడిచేస్తుంది. జులై కోహోర్ట్‌లో 17 అప్‌గ్రేడ్‌ల వల్ల 3,400 వచ్చింది, 27 రద్దుల వల్ల 2,700 పోయింది. తేడా 700, అదే 107 శాతంలోని 7.

## ఎన్‌ఆర్‌ఆర్‌ను రెండు ముక్కలు చేస్తే

దీన్ని కచ్చితంగా పట్టుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. ఏ కోహోర్ట్ ఎన్‌ఆర్‌ఆర్ అయినా రెండు అంకెల గుణకారమే. మొదటిది లోగో రిటెన్షన్. రెండోది, మిగిలిన కస్టమర్ సగటున ఇప్పుడు చెల్లిస్తున్నది కోహోర్ట్ తొలి సగటుకు ఎన్ని రెట్లు అన్నది.

జనవరి కోహోర్ట్‌లో మిగిలిన 88 మంది 10,400 చెల్లిస్తున్నారు, తలకు సగటున 118. తొలి సగటు 100 కాబట్టి 1.18 రెట్లు. 0.88ని 1.18తో గుణిస్తే 1.04. ఏప్రిల్‌కు ఇదే రెట్టు 1.30. జులైకి 1.47.

ఇలా విడదీశాక బొమ్మ మారిపోతుంది. 104, 105, 107 అనే నిదానమైన పెరుగుదల వెనక రెండు పెద్ద కదలికలు ఎదురెదురుగా సాగుతున్నాయి. 88 నుంచి 73కు పడిపోయేది ఒకటి, 1.18 నుంచి 1.47కు ఎగబాకేది మరొకటి. రెండూ దాదాపు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి కాబట్టే పైకి ప్రశాంతంగా ఉంది.

ఎన్‌ఆర్‌ఆర్‌ను కనీసం 100 దగ్గర నిలబెట్టాలంటే మిగిలినవాళ్లు ఎంత మోయాలో కూడా దీన్నిబట్టి చెప్పవచ్చు. 88 శాతం మిగిలితే తలకు 1.14 రెట్లు చాలు. 73 శాతం మిగిలితే 1.37 రెట్లు కావాలి. 60కి పడిపోతే 1.67, సగం మందే మిగిలితే 2 రెట్లు. రద్దులు ఒకే తీరున పెరుగుతున్నా మిగిలినవాళ్ల మీద పడే భారం అంతకంతకూ నిటారుగా పెరుగుతుంది.

ఆదాయం ఎంతమంది చేతుల్లో ఉందన్నది కూడా చూడాలి. జనవరి కోహోర్ట్ ఆదాయంలో పెద్ద ప్లాన్ కస్టమర్ల వాటా సుమారు 23 శాతం. జులైలో అది దాదాపు 48 శాతం. అంటే 73 మందిలో 17 మందే సగం ఆదాయానికి ఆధారం.

## తర్వాతి ఆరు నెలల్లో ఏమవుతుంది

అప్‌గ్రేడ్‌లకు ఒక హద్దు ఉంటుంది, రద్దులకు లేదు. మన ఉదాహరణలో పెద్ద ప్లాన్‌కు చేరినవాళ్లకు ఇక పైమెట్టు లేదు. కొత్త అప్‌గ్రేడ్‌లు రావాలంటే చిన్న ప్లాన్‌లో ఉన్నవాళ్ల నుంచే రావాలి. జనవరి కోహోర్ట్‌కు అలాంటివాళ్లు ఇంకా 80 మంది ఉన్నారు, జులైకి 56 మందే. పెద్ద కస్టమర్లకు చిన్న ప్లాన్ నారుమడి లాంటిది, జులైలో ఆ మడే పలచబడింది.

అదే ఉదాహరణను పన్నెండో నెల దాకా నడిపిద్దాం. జనవరి కోహోర్ట్‌లో మరో 9 మంది రద్దు చేశారు. వాళ్లలో 8 మంది చిన్న ప్లాన్‌వాళ్లు, ఒకరు పెద్ద ప్లాన్. కొత్తగా 8 మంది అప్‌గ్రేడ్ అయ్యారు. పోయింది 1,100, వచ్చింది 1,600. ఆదాయం 10,900కు చేరింది, ఎన్‌ఆర్‌ఆర్ 109 శాతం, మిగిలినవాళ్లు 79 మంది.

జులై కోహోర్ట్‌లో రద్దుల వేగం అంతకుముందుకంటే తగ్గింది, అయినా 15 మంది వెళ్లారు. 13 మంది చిన్న ప్లాన్, ఇద్దరు పెద్ద ప్లాన్. మారదగినవాళ్లలో చాలామంది ముందే మారిపోయారు కాబట్టి కొత్త అప్‌గ్రేడ్‌లు 4 మాత్రమే. పోయింది 1,900, వచ్చింది 800. ఆదాయం 9,600, ఎన్‌ఆర్‌ఆర్ 96 శాతం, మిగిలినవాళ్లు 58 మంది.

ఆరో నెలలో 107తో ముందున్న కోహోర్ట్ పన్నెండో నెలకు 96కు దిగింది. 104తో వెనకబడి కనిపించినది 109కి వెళ్లింది. ఎన్‌ఆర్‌ఆర్ మాత్రమే చూసేవాళ్లకు ఇది ఉన్నట్టుండి జరిగినట్టు ఉంటుంది. లోగో రిటెన్షన్ మాత్రం ఈ సంగతి ఆరో నెలలోనే చెప్పింది. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. సీట్ల సంఖ్యను బట్టో, వాడకాన్ని బట్టో ధర ఉండే ఉత్పత్తుల్లో పైమెట్లు ఎక్కువ, కాబట్టి అప్‌గ్రేడ్‌లు ఎక్కువ కాలం ఆదుకోగలవు. రెండు మూడు ప్లాన్‌లే ఉన్నచోట హద్దు త్వరగా వచ్చేస్తుంది.

ధరల పెంపును ఇక్కడ విడిగా చూడాలి. ధర 20 శాతం పెంచితే ఎవరూ అప్‌గ్రేడ్ అవకుండానే తలసరి ఆదాయం పెరుగుతుంది. నెలవారీ ప్లాన్‌వాళ్లు వెంటనే వెళ్లిపోవచ్చు, వార్షిక ఒప్పందంలో ఉన్నవాళ్ల స్పందన మాత్రం రెన్యువల్ తేదీ దాకా బయటపడదు. లాభం ముందు, నష్టం తర్వాత. ఈ మధ్యకాలంలో ఎన్‌ఆర్‌ఆర్ అందంగా ఉంటుంది. అందుకే అదనపు ఆదాయంలో ధర పెంపు వల్ల వచ్చినదాన్ని, నిజంగా ఎక్కువ వాడుకోవడం వల్ల వచ్చినదాన్ని వేర్వేరు కాలమ్‌లలో పెట్టడం మంచిది.

## గ్రాస్ రిటెన్షన్ చూస్తే సరిపోదా?

ఈ సమస్యకు చాలామంది చెప్పే పరిష్కారం గ్రాస్ రెవెన్యూ రిటెన్షన్, అంటే జీఆర్‌ఆర్. ఇందులో ఒక్కో కస్టమర్ ఆదాయాన్ని అతని తొలి మొత్తం దగ్గరే ఆపేస్తారు. 100తో మొదలై 300కు చేరినా 100గానే లెక్క. అందువల్ల అప్‌గ్రేడ్‌లు రద్దులను కప్పలేవు. పై ఉదాహరణలో అందరూ 100తోనే మొదలయ్యారు కాబట్టి జీఆర్‌ఆర్, లోగో రిటెన్షన్ ఒకటే అవుతాయి. 88, 81, 73.

కానీ కస్టమర్ల సైజులు మొదటి నుంచీ వేరుగా ఉంటే జీఆర్‌ఆర్ కూడా కొంత దాస్తుంది. ఒక కోహోర్ట్‌లో 10 మంది 500 చొప్పున, 50 మంది 20 చొప్పున చెల్లిస్తున్నారనుకుందాం. మొత్తం 6,000. చిన్నవాళ్లలో 20 మంది వెళ్లిపోతే పోయేది 400 మాత్రమే. జీఆర్‌ఆర్ 93 శాతం దగ్గర బాగానే ఉంటుంది. లోగో రిటెన్షన్ 67 శాతం. మూడో వంతు మంది వెళ్లిపోయారన్న సంగతి డబ్బు లెక్కలో ఏడు శాతంగా కుదించుకుపోయింది.

ఈ సందర్భంలో తలసరి సగటు 100 నుంచి 140కి ఎగబాకింది, అది కూడా ఒక్క అప్‌గ్రేడ్ కూడా జరగకుండా. తక్కువ చెల్లించేవాళ్లు జాబితాలోంచి పోయారు, సగటు పెరిగింది, అంతే. "మన కస్టమర్లు ఎక్కువ ఖర్చు పెడుతున్నారు" అని ఈ అంకె చూసి చెప్పడం తప్పు. అప్‌గ్రేడ్ అయిన కస్టమర్లను పేరుపేరునా లెక్కపెట్టాకే ఆ మాట అనాలి.

ఉల్టా కూడా జరుగుతుంది. అదే కోహోర్ట్‌లో ఒకే ఒక్క పెద్ద కస్టమర్ వెళ్లిపోతే లోగో రిటెన్షన్ 98 శాతం చూపిస్తుంది, జీఆర్‌ఆర్ మాత్రం 92కు దిగుతుంది. కాబట్టి లోగో రిటెన్షన్‌ను ఒక్కదాన్నే నమ్ముకోవడం కూడా సరికాదు. కావలసింది మూడు అంకెలూ ఒకే వరుసలో.

## వెళ్తున్నది ఎవరు, ఎప్పుడు

రెండు రిటెన్షన్‌ల మధ్య దూరం పెరుగుతోందని తెలిశాక, కారణం వెతకడానికి కోహోర్ట్ టేబుల్ ఆకారమే సాయం చేస్తుంది. టేబుల్‌లో ఒక్కో అడ్డవరుస ఒక కోహోర్ట్, ఒక్కో నిలువు వరుస చేరిన తర్వాత గడిచిన నెలల సంఖ్య.

ఒక అడ్డవరుస మొత్తం పక్కవాటికంటే బలహీనంగా ఉంటే లోపం ఆ బ్యాచ్‌లో ఉంది. ఆ నెలలో భారీ డిస్కౌంట్ ఇచ్చారా, కొత్త ప్రకటనల ద్వారా వేరే రకం కస్టమర్లు వచ్చారా అని చూడాలి. అలాంటప్పుడు రద్దులు తరచూ తొలి రెండు నెలల్లోనే గుమిగూడుతాయి. ఒక నిలువు వరుసలో అన్ని కోహోర్ట్‌లూ ఒకే వయసు దగ్గర పడుతుంటే, ఉదాహరణకు నాలుగో నెలలో, ట్రయల్ ధర ముగియడమో, ఉత్పత్తి తొలి ఉపయోగం తీరిపోవడమో కారణం కావచ్చు.

మూడోది ఐమూల గీత. వేర్వేరు వయసుల్లో ఉన్న కోహోర్ట్‌లన్నీ ఒకే క్యాలెండర్ నెలలో దెబ్బతింటే టేబుల్‌లో ఆ గీత ఏటవాలుగా కనిపిస్తుంది. ధర పెంపు, పెద్ద అంతరాయం, పోటీ ఉత్పత్తి రాక వంటివి ఇలాంటి ముద్ర వేస్తాయి. ఈ మూడింట్లో ఏ ఆకారమో తేల్చకుండా కస్టమర్ సపోర్ట్‌ను తప్పుపట్టడం, లేదా అమ్మకాల బృందాన్ని నిలదీయడం తొందరపాటే.

రద్దులు పెరగడం ఎప్పుడూ చెడ్డ వార్తే అనలేం. ఒక సంస్థ తెలిసి తెలిసే చిన్న కస్టమర్లను వదులుకుని పెద్దవాళ్ల వైపు వెళ్తుండవచ్చు. అది నిజమా కాదా అన్నది తేల్చే పరీక్ష ఒకటుంది. నేటి పెద్ద కస్టమర్లు ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. వాళ్లు మొదటి రోజే పెద్ద ప్లాన్ కొన్నవాళ్లైతే చిన్నవాళ్ల నిష్క్రమణ అంతగా బాధించదు. మన ఉదాహరణలోలా చిన్న ప్లాన్‌లో మొదలై ఎదిగినవాళ్లైతే, ఇవాళ వెళ్లిపోతున్నది రేపటి పెద్ద కస్టమర్లే.

## లెక్క తప్పే చోటు

ఈ అంకెలన్నీ ఒకే టేబుల్ నుంచి తీయవచ్చు. ఒక్కో కస్టమర్‌కు ఒక్కో నెలకు ఒక వరుస ఉండే `customer_month` అనే టేబుల్ ఉందనుకుందాం. అందులో `mrr` అంటే ఆ నెల ఆదాయం, `start_mrr` అంటే తొలి నెల ఆదాయం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో క్వెరీ ఇలా ఉంటుంది:

```sql
SELECT cohort_month, age_month,
  COUNT(*) FILTER (WHERE mrr > 0) * 1.0 / COUNT(*) AS logo_ret,
  SUM(mrr) * 1.0 / SUM(start_mrr) AS nrr,
  SUM(LEAST(mrr, start_mrr)) * 1.0 / SUM(start_mrr) AS grr
FROM customer_month
GROUP BY cohort_month, age_month;
```

ఇది సరిగ్గా పనిచేయాలంటే ఒక షరతు తప్పనిసరి. రద్దు చేసిన కస్టమర్‌కు కూడా ఆ తర్వాతి నెలలన్నింటికీ `mrr = 0` అని వరుస ఉండాలి. బిల్లింగ్ డేటాలో సాధారణంగా అలా ఉండదు. బిల్లు లేని నెలకు వరుసే ఉండదు. ఆ డేటాను నేరుగా వాడితే వెళ్లిపోయినవాళ్లు భిన్నంలో పై అంకెలోంచే కాదు, కింది అంకెలోంచి కూడా మాయమవుతారు. జులై కోహోర్ట్‌కు అప్పుడు లోగో రిటెన్షన్ 73కు 73, అంటే 100 శాతం. ఎన్‌ఆర్‌ఆర్ 7,300కు 10,700, అంటే 147 శాతం. అన్ని నెలల్లోనూ లోగో రిటెన్షన్ కచ్చితంగా 100 చూపిస్తుంటే మొదట అనుమానించాల్సింది ఇదే. లోగో కాలమ్ పక్కన లేకపోతే ఆ 147 మాత్రం గొప్ప ఫలితంలా చెలామణి అయిపోతుంది.

ఎన్‌ఆర్‌ఆర్‌కు అకౌంటింగ్ ప్రమాణాల్లో నిర్ణీత నిర్వచనం లేదు. ఒక్కో సంస్థ ఒక్కో పద్ధతిలో లెక్కిస్తుంది. అందుకే బయటి సంస్థ అంకెతో పోల్చుకునేముందు కింద చిన్న అక్షరాల్లో ఉన్న నిర్వచనం చదవాలి. ముఖ్యంగా, వెళ్లిపోయిన కస్టమర్లు కింది అంకెలో ఉన్నారో లేదో చూసుకోవాలి.

## తేడా కనిపించినా తొందరపడకూడని సందర్భాలు

లోగో రిటెన్షన్ పడిపోయి ఎన్‌ఆర్‌ఆర్ పెరిగిన ప్రతిచోటా కస్టమర్లు వెళ్లిపోయారని కాదు. ఒకే సంస్థలోని మూడు విభాగాలు వేర్వేరు ఖాతాలు తీసుకుని, తర్వాత వాటిని ఒకే పెద్ద ఖాతాగా కలిపేస్తే డేటాలో రెండు రద్దులు, ఒక అప్‌గ్రేడ్ నమోదవుతాయి. నిజానికి ఎవరూ వెళ్లలేదు. రద్దు, అప్‌గ్రేడ్ ఒకే నెలలో, ఒకే ఈమెయిల్ డొమైన్ మీద జరిగాయేమో వెతికితే ఇలాంటివి దొరుకుతాయి. అలాగే గడువు తీరిన కార్డు వల్ల చెల్లింపు ఆగిపోయినవాళ్లను, తామే కోరి రద్దు చేసినవాళ్లను కలిపి చూస్తే కారణం అర్థం కాదు. మొదటి రకానికి మందు బిల్లింగ్ రిమైండర్లలో ఉంది, ఉత్పత్తిలో లేదు. వెళ్లి మళ్లీ వచ్చిన కస్టమర్‌ను పాత కోహోర్ట్‌లోనే ఉంచాలి. కొత్త కోహోర్ట్‌లో వేస్తే రెండు చోట్లా లెక్క చెడుతుంది.

వార్షిక ఒప్పందాలది మరో చిక్కు. ఏడాదికి డబ్బు కట్టిన కస్టమర్ మూడో నెలలో విసిగిపోయినా పన్నెండో నెల దాకా జాబితాలో ఉంటాడు. వార్షిక, నెలవారీ కస్టమర్లు కలిసిన కోహోర్ట్‌లో ఆరో నెల లోగో రిటెన్షన్ అసలుకంటే బాగా కనిపిస్తుంది. వార్షిక ప్లాన్‌ల వాటా కోహోర్ట్ కోహోర్ట్‌కూ మారుతుంటే పోలికే చెడిపోతుంది. రెండు రకాలనూ విడదీసి, వార్షికంవాళ్లకు రెన్యువల్ గడువు వచ్చినవాళ్లలో ఎంతమంది కొనసాగారన్నది లెక్కించడం సరైన పద్ధతి.

చివరగా, సంఖ్యల సైజు. 100 మంది ఉన్న కోహోర్ట్‌లో రద్దులు 12 నుంచి 19కి పెరగడం కేవలం యాదృచ్ఛికం కూడా కావచ్చు. ఇంత చిన్న గుంపుల మధ్య తేడాలో 5 శాతం పాయింట్ల మేర ఊగిసలాట మామూలే, ఇక్కడ తేడా 7 మాత్రమే. 12 నుంచి 27 అయితే తేడా 15 పాయింట్లు, ఊగిసలాటకు దాదాపు మూడు రెట్లు. దాన్ని అదృష్టం మీదకు నెట్టేయడం కష్టం. కాబట్టి ఏప్రిల్ కోహోర్ట్ దగ్గర చేయాల్సింది కారణాల విచారణ మొదలుపెట్టడం, జులై కోసం ఎదురుచూడటం. నెలకు పది ఇరవై మందే చేరే సంస్థలైతే నెలవారీ కోహోర్ట్‌లు మానేసి మూడు నెలలకొకటి కట్టుకోవాలి, లేకపోతే ఏ పోలికా నిలబడదు.